జైలుకెళ్లొస్తే పరిహారం మాఫీ అవుతుందా?

"చెక్కు కేసు గెలిచినా దండగే. 1. పరిహారం ఎంతన్నది జడ్జి ఇష్టం, లెక్కా పత్రం ఉండదు. 2. కట్టకపోతే మూడు నెలలు ఎక్కువ జైల్లో ఉంటాడు, బాకీ మాఫీ, ఆ తర్వాత ఎవరూ పైసా అడగలేరు. 3. కోర్టు పరిహారం తీసుకుంటే సివిల్ దావా వేసే హక్కు పోతుంది. 4. దోషి చనిపోతే అంతటితో సరి. కాబట్టి సగానికి రాజీ పడిపోండి. పది మందికీ పంపండి."

ఈ నెలలో ఇది నాకు రావడం ఐదోసారి. మొన్న పంపింది మా బావమరిది. మా బాబాయి కేసు మొదటి నుంచి చివరి దాకా చూసిన మనిషే ఇది పంపాడంటే ఇక ఊరుకోలేకపోయాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. నాలుగోది తప్పు. కోర్టు వేసిన జరిమానా మనిషి చనిపోయినంత మాత్రాన పోదు. అతను వదిలి వెళ్లిన ఆస్తిలో మామూలు అప్పులకు ఏది జవాబుదారీ అవుతుందో ఇదీ దాని మీదే పడుతుంది. పాత ఐపీసీ 70వ సెక్షన్‌లో ఉన్న మాటే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షన్‌లోనూ ఉంది. పరిహారాన్ని కూడా జరిమానాలాగే వసూలు చేస్తారు. ఆ సంగతి కింద చెబుతాను.

మూడోది కూడా తప్పే, పైగా మనుషుల్ని ముంచే తప్పు. సివిల్ దావా హక్కు ఎక్కడికీ పోదు. క్రిమినల్ కోర్టు ద్వారా చేతికొచ్చిన డబ్బును సివిల్ కోర్టు లెక్కలోకి తీసుకుని మిగతాదానికి డిక్రీ ఇస్తుంది, అంతే. హక్కు పోయేది గడువు దాటితే. డబ్బు బాకీ దావాకు మూడేళ్లే గడువు. "క్రిమినల్ కేసు నడుస్తోందిగా, తీర్పు వచ్చాక చూద్దాం" అని కూర్చుంటే తీర్పు వచ్చేసరికి ఆ మూడేళ్లు దాటిపోతాయి. మా బాబాయికి జరిగింది అదే. ఇలాంటి మెసేజ్ నమ్మి దావా వేయకుండా ఆగిపోయేవాళ్లకూ అదే జరుగుతుంది.

ఇక ఒకటోది. జడ్జికి విచక్షణ ఉందన్న మాట నిజమే. కానీ లెక్క ఉండదనడం తప్పు. పరిహారం వేసే ముందు నేరం ఎలాంటిది, బాధితుడికి జరిగిన నష్టం ఎంత, దోషికి కట్టే స్తోమత ఉందా అన్నవి చూడాలని సుప్రీంకోర్టు 1978లో సర్వన్ సింగ్ కేసులోనూ, 1988లో హరిసింగ్ కేసులోనూ చెప్పింది. వాయిదాల్లో కట్టమని కూడా చెప్పొచ్చు. 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో ఇంకో అడుగు వేసి, పరిహారం ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ప్రశ్న గురించి ఆలోచించి కారణాలు రాయడం కోర్టు బాధ్యత అంది. చెక్కు కేసుల్లో అయితే లెక్క ఇంకా తేలిక. చెక్కు మొత్తం, దాని మీద ఏడాదికి 9 శాతం సాధారణ వడ్డీ కలిపి ఇవ్వడం మంచి పద్ధతని 2011లో ఆర్. విజయన్ కేసులో చెప్పారు. జరిమానాగా వేస్తే మాత్రం చెక్కు మొత్తానికి రెండింతలు దాటకూడదు.

మా బాబాయి లెక్క చూడండి. ఆయనది పల్నాడులో మిర్చి సాగు. కాయ కొన్న వ్యాపారి 2019 మార్చిలో 4,00,000 రూపాయలకు చెక్కు ఇచ్చాడు, అది చెల్లలేదు. నోటీసు, ఫిర్యాదు, సాక్ష్యం అన్నీ అయ్యి 2022 మార్చిలో శిక్ష పడింది. మూడేళ్ల వడ్డీ 1,08,000, అసలుతో కలిపి 5,08,000. మేజిస్ట్రేట్ 6 నెలల జైలు వేసి ఆ మొత్తం పరిహారంగా కట్టమన్నారు, కట్టకపోతే మరో 3 నెలలు జైలు. ఈ అంకె ఎవరి ఇష్టానికి వచ్చిందో, ఇందులో లెక్క ఎక్కడ లేదో చెప్పమనండి.

ఇప్పుడు రెండోది. నాకు కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే ఎగ్గొట్టేవాళ్లకు దారి చూపించేదీ, రావాల్సినవాళ్ల నోరు మూయించేదీ ఇదే. ఆ 3 నెలలు డబ్బుకు బదులు కాదు. కట్టించడానికి పెట్టిన ఒత్తిడి. రాసినవాళ్లు చట్టంలో సగం చదివి ఆపేశారు. పాత సీఆర్‌పీసీ 421, ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 461వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: కట్టనందుకు వేసిన జైలు పూర్తిగా అనుభవించినవాడి మీద, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప వసూలు వారెంటు ఇవ్వకూడదు. వీళ్లకు కనబడింది ఇంతవరకే. ఆ వాక్యం ఇంకా అయిపోలేదు. జరిమానా నుంచి పరిహారం ఇమ్మని కోర్టు ఆదేశించి ఉంటే ఆ అడ్డంకి వర్తించదని అదే వాక్యం చివర్లో ఉంది.

మరి మా బాబాయి కేసులోలా జరిమానా లేకుండా నేరుగా పరిహారమే వేస్తే? దీని మీదే చాలా ఏళ్లు వాదన నడిచింది. 2017లో కుమారన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది. అదీ చెక్కు కేసే. కోర్టు కట్టమన్న డబ్బును జరిమానా అయినట్టే వసూలు చేయాలని సీఆర్‌పీసీ 431వ సెక్షన్, అంటే ఇప్పటి సంహితలో 471, చెబుతోంది కాబట్టి, జైలు పూర్తయినా పరిహారం వసూలు చేయొచ్చు, ప్రత్యేక కారణాలు కూడా రాయనక్కర్లేదు అంది. తీర్పు వచ్చి ఇన్నేళ్లయింది. ఇంకా "మాఫీ" అంటూ పంపుతున్నారు! ఆ మాట నమ్మి ఎంతమంది రైతులు, చిన్న దుకాణాలవాళ్లు ఇంటికెళ్లి కూర్చున్నారో ఒక్కసారైనా ఆలోచించారా?

మా కేసులో వ్యాపారి అప్పీలుకు వెళ్లాడు. అక్కడ పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమనొచ్చు, మాకు అలా 1,01,600 జమయ్యింది. 2024 ఆగస్టులో అప్పీలు పోయింది. అతను 6 నెలలు, ఆ పైన 3 నెలలు జైల్లో ఉండి బయటికొచ్చాడు. వచ్చిన వారానికే ఊళ్లో "లెక్క సరిపోయింది" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మిగిలింది 4,06,400. బాబాయి కోర్టుకెళ్తే అక్కడి గుమాస్తా ఒకాయన కూడా "కేసు క్లోజ్ అయింది, ఫైలు రికార్డు రూముకెళ్లింది" అని పంపించేశాడు. ఆ రాత్రి బాబాయి అన్నం తినలేదు.

ఫైలు రికార్డు రూములో ఉన్నా శిక్ష వేసిన కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. తీర్పు, అప్పీలు ఉత్తర్వు నకళ్లు, ఎంత వచ్చిందో ఎంత మిగిలిందో లెక్క, అతని ఆస్తుల వివరాలు పెట్టాలి. కోర్టు రెండు రకాలుగా వెళ్లొచ్చు, రెండూ కలిపి కూడా వెళ్లొచ్చు. ఒకటి, చరాస్తిని జప్తు చేసి అమ్మే వారెంటు. రెండోది, జిల్లా కలెక్టర్‌కు వారెంటు, భూమి శిస్తు బకాయిలాగా అతని చర, స్థిరాస్తుల నుంచి వసూలు చేయమని.

మేం మొదట తప్పు చేశాం. చరాస్తి వారెంటు ఒక్కటే అడిగాం. పోలీసులు వెళ్లి చూస్తే దుకాణం లైసెన్సూ సరుకూ భార్య పేరు మీద ఉన్నాయి, "జప్తుకు ఏమీ లేదు" అని రాసి తిప్పి పంపారు. ఇలాంటి రిపోర్టు రాగానే అంతా అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. మేం ఆగకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆస్తి లావాదేవీలు చూపించే ఈసీ తీయించాం, ప్రభుత్వ భూ రికార్డుల సైటు మీభూమిలో ఎవరి పేరు మీద ఏ భూమి ఉందో చెప్పే 1-బి చూశాం. పక్క ఊళ్లో అతని పేరు మీదే ఎకరం ఇరవై సెంట్లు ఉంది. సర్వే నంబరుతో సహా రాసి, కలెక్టర్‌కు వారెంటు కోరుతూ మళ్లీ పిటిషన్ వేశాం. ఆ వారెంటు కలెక్టరేట్ నుంచి తహసీల్దారు దగ్గరికి దిగడానికే నెలలు పట్టింది. బాబాయి వారానికోసారి వెళ్లి ఫైలు ఎక్కడుందో అడిగేవాడు. చివరికి డిమాండ్ నోటీసు, తర్వాత జప్తు నోటీసు వెళ్లాయి. ఈ వారెంటు మీద అతన్ని మళ్లీ అరెస్టు చేయడం కుదరదు, చట్టమే వద్దంది. కానీ వేలం అన్న మాట వినపడగానే అతనే వచ్చాడు. మూడు వాయిదాల్లో 4,06,400 కోర్టులో కట్టాడు. ఆ డబ్బు తీసుకోవడానికి బాబాయి ఇంకో పిటిషన్ వేయాల్సి వచ్చింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. జరిమానా వసూలుకు శిక్ష పడిన రోజు నుంచి మామూలుగా 6 ఏళ్ల గడువు ఉంటుంది. పరిహారాన్నీ జరిమానాలాగే రాబట్టాలి కాబట్టి ఆ గడువు దాటనివ్వకండి. 2022 మార్చి తీర్పుకు మేం 2028 మార్చి దాటకూడదని గోడ మీద కాలెండర్‌లోనే రాసి పెట్టుకున్నాం. అప్పీలు మీద రెండేళ్లు పోయాయి కాబట్టి ఉన్న టైము అనుకున్నంత ఎక్కువేం కాదు.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకుంటాను. "సగానికి రాజీ పడండి" అన్న సలహా అన్ని చోట్లా చెడ్డది కాదు. చెక్కు కేసులో చట్టమే రాజీకి ఒప్పుకుంటుంది. కేసు పెట్టడానికి చాలా ముందే భార్య పేరు మీద, బావమరిది పేరు మీద రాసేసి, తన పేరు మీద సెంటు భూమి కూడా ఉంచుకోనివాడి దగ్గర వారెంటు ఏమీ చేయలేదు. ఎందుకంటే అది దోషి ఆస్తి మీదే పని చేస్తుంది. గాయాల కేసుల్లో దోషి దగ్గర ఏమీ లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ప్రభుత్వ పథకం కింద అడగడానికి వీలుంది, చెక్కు కేసుకు ఆ దారి లేదు. అలాంటివాడు సగం చేతిలో పెడతానంటే నేనైతే తీసుకోమనే చెబుతాను. కాకపోతే ఆ మాట అనే ముందు అతని పేరు మీద ఈసీ తీయించి చూడండి, 1-బి చూడండి, అతని బండి ఎవరి పేరు మీద ఉందో చూడండి. మా బాబాయికి సగానికి ఒప్పుకోమని చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా ఆ ఎకరం ఇరవై సెంట్ల సంగతి కనుక్కోలేదు.