మూడొందల పందొమ్మిది రూపాయల యాభై ఆరు పైసలు

మా బావగారి ఇంటి లోను కిందటి నెల 12న తీరిపోయింది. ఆ సంగతి ముక్తేశ్వరంలో అందరికీ తెలుసు, లోను ఇచ్చిన కంపెనీకి తప్ప.

కొబ్బరి దింపు డబ్బులూ, చేపల చెరువు లీజు డబ్బులూ ఒకేసారి చేతికొచ్చాయి. ఇంకా ఎన్నాళ్లీ కంతులు, ముందే కట్టేసి దస్తావేజులు తెచ్చుకుందాం అన్నారు. సరే, కాకినాడ బ్రాంచికి మెయిల్ పెట్టి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడిగాం. నోటిమాటగా ఎంత బాకీ అని అడిగితే చెప్పే అంకె పనికిరాదు. ఫలానా తేదీన కడతాను, ఆ తేదీకి లెక్క కట్టి ఇవ్వండి అని రాతలో అడగాలి.

వచ్చిన కాగితంలో అసలు 4,20,000. ఏడు రోజుల వడ్డీ 745 రూపాయల 8 పైసలు. దాని కింద ముందస్తు ముగింపు ఛార్జీ రెండు శాతం 8,400, దాని మీద జీఎస్టీ 1,512. బావగారిది ఫ్లోటింగ్ వడ్డీ లోను, సొంత పేరు మీద, ఉండే ఇంటి కోసం తీసుకున్నది. అలాంటి లోనుకి ఈ ఛార్జీ వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు ఏళ్ల కిందటే చెప్పేసింది. పాత లోన్లలో ఫిక్స్‌డ్ వడ్డీవో, వ్యాపారం కోసం తీసుకున్నవో అయితే మంజూరు పత్రంలో ఏం రాసుందో చూసుకోవాలి. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లోన్లలో అయితే, వ్యక్తులు వ్యాపారానికి తీసుకున్న ఫ్లోటింగ్ లోన్లకి కూడా పెద్ద బ్యాంకులు ఈ ఛార్జీ వెయ్యకూడదు. ఇవన్నీ మెయిల్‌లో రాస్తే, "సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా పడిపోయిందండి" అని సమాధానం. తొమ్మిది వేల తొమ్మిది వందల పన్నెండు రూపాయలు ఆటోమేటిక్‌గా పడతాయి గానీ, తియ్యడానికి మాత్రం ముగ్గురు మనుషుల సంతకాలు కావాలట.

తీశారు. తియ్యడానికి పట్టిన ఆలస్యం వాళ్లది, గడువు మాత్రం పాతదే. సరిచేసిన స్టేట్‌మెంట్ 11వ తేదీ సాయంత్రం వచ్చింది, 12 వరకే చెల్లుతుందని కింద చిన్న అక్షరాలతో. బావగారు తెల్లారగట్టే లేచి, పంటెక్కి కోటిపల్లి రేవు దాటి, ద్రాక్షారామం మీదుగా కాకినాడ చేరి చెక్కిచ్చేశారు. 4,20,745 రూపాయల 8 పైసలు. ఆ ఎనిమిది పైసలు కూడా చెక్కు మీద అక్షరాల్లో రాశారు, మనం ఎవరికీ బాకీ ఉండకూడదని.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. 12 శుక్రవారం. 13 రెండో శనివారం. 14 ఆదివారం. చెక్కు డబ్బు లోను ఖాతాలో పడింది 15 సోమవారం. స్టేట్‌మెంట్‌లో ఓ మూల "రోజువారీ వడ్డీ 106.44" అని ఓ గడి ఉంటుంది. నాలుగు లక్షల ఇరవై వేలకి తొమ్మిదింపావు శాతం చొప్పున ఏడాది వడ్డీ 38,850. దాన్ని 365తో భాగిస్తే వచ్చేది అదే. మూడు రోజులకి 319 రూపాయల 32 పైసలు. వచ్చిన డబ్బులో కంపెనీ ముందు వడ్డీ కోసుకుని మిగిలింది అసలుకి జమ వేస్తుంది కాబట్టి, బావగారి అసలులో ఆ 319.32 మిగిలిపోయింది. లోను బతికే ఉంది.

అదే డబ్బు ఆర్టీజీఎస్‌లో పంపుంటే ఈ గొడవ లేదు. రెండు లక్షలు దాటితే ఆర్టీజీఎస్ చెయ్యొచ్చు. 2020 డిసెంబరు నుంచి అది సెలవు లేకుండా రాత్రీ పగలూ నడుస్తోంది, రెండో శనివారమైనా దానికి ఒకటే. బ్రాంచిలో మాత్రం "చెక్కైనా పర్లేదండి" అన్నారు. పర్లేదన్నది వాళ్లకి.

18న బావగారు క్లోజర్ లెటర్ తెచ్చుకోడానికి బయల్దేరారు. ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు కూడా పట్టుకున్నారు. ఒకటి మేనేజరుకి, ఒకటి స్టాఫుకి. కౌంటర్లో కుర్రాడు పూతరేకు నోట్లో పెట్టుకుని, లోను నంబరు కొట్టి, నమలడం ఆపేశాడు.

"మీ లోను లైవ్‌లో ఉందండి."

"ఉంటే చంపెయ్యండి బాబూ, అందుకేగా వచ్చాను."

"319 రూపాయల 56 పైసలు కట్టాలండి."

24 పైసలు పెరిగాయేంటని అడిగితే, 319.32కి మూడు రోజుల వడ్డీ అట. రోజుకి ఎనిమిది పైసలు. బావగారు జేబులోంచి మూడు వందలూ, ఒక ఇరవై తీసి బల్ల మీద పెట్టి, ఉంచుకోమన్నారు. ఉంచుకోవడానికి వీల్లేదట! 320 జమ చేస్తే 44 పైసలు ఎక్కువవుతాయి. ఖాతాలో ఎక్కువున్నా లోను మూతపడదు. ఆ 44 పైసలు బావగారికి తిరిగివ్వాలి, దానికి రిఫండ్ అర్జీ, క్యాన్సిల్ చేసిన చెక్కు, హెడ్డాఫీసు అనుమతి. పోనీ సరిగ్గా కడదామా అంటే, 50 పైసల బిళ్ల ఇప్పటికీ చట్టప్రకారం చెల్లుతుంది గానీ, 25 పైసలూ అంతకన్నా చిన్నవీ 2011 జూన్ నెలాఖరుకి చెల్లకుండా పోయాయి. మిగిలిన ఆరు పైసల్ని ఈ దేశంలో ఎవ్వరూ నగదుగా కట్టలేరు. అంటే భారత ప్రభుత్వం రద్దు చేసిన బిళ్లల్లో ఓ కంపెనీ అప్పు వసూలు చేస్తోందన్నమాట.

వెనకాల వరసలో ఉన్నాయన "ఫోన్‌పే కొట్టండి సార్, పైసలు కూడా వెళ్తాయి" అన్నాడు. మంచిమాటే. కంపెనీ యాప్ తెరిస్తే, పార్ట్ పేమెంట్ కనీసం ఒక కంతు ఉండాలంది. ఒక కంతు కడితే తొమ్మిది వేల పైచిలుకు ఎక్కువవుతుంది, మళ్లీ రిఫండు. ఓవర్‌డ్యూ కడదామంటే ఓవర్‌డ్యూ సున్నా చూపిస్తోంది. కంతు తేదీ అయిదు, ఇంకా రాలేదు కదా! ఫోర్‌క్లోజర్ నొక్కితే "చెల్లుబాటయ్యే స్టేట్‌మెంట్ లేదు" అంది. మేకపోతుని కోసిచ్చినా తోకలో వెంట్రుక తగ్గిందని అలిగే గ్రామదేవతని చూశాం గానీ, ఆ వెంట్రుక తెచ్చిస్తే పుచ్చుకోనని మొహం తిప్పుకునే దేవతని ఇప్పుడే చూడ్డం.

మేనేజరు గారు బయటికొచ్చారు. అంత చిన్న మొత్తం మాఫీ చేసే వీలు సిస్టమ్‌లో ఉందిట. "కానీ ఆడిట్‌లో అడుగుతారండి" అన్నారు, రెండో పూతరేకు విప్పుతూ. ఈలోపు బావగారి ఊరాయనే ఒకాయన బ్రాంచిలోకొచ్చి, "ఏమండోయ్, తీరిపోయిందన్నారు?" అని గట్టిగా అడిగాడు. బావగారు గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు చదవడం మొదలుపెట్టారు.

ఇందులో నవ్వులాట కానిది ఒకటుంది. లోను పూర్తిగా తీరిన రోజు నుంచి 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులన్నీ తిరిగిచ్చి, ఆస్తి మీద రిజిస్ట్రీల్లో ఎక్కించిన తాకట్టు తీసెయ్యాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. తప్పు కంపెనీదై ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి. చాలా బాగుంది. కానీ ఆ 30 రోజులు చెక్కిచ్చిన రోజు నుంచి కాదు, ఖాతా సున్నా అయిన రోజు నుంచి. 319.56 ఉన్నంతకాలం గడియారం కదలదు. పైగా అయిదో తారీకున ఆటో డెబిట్‌కి వెళ్లే ఫైల్లో కంతు మొత్తం వెళ్లిపోతుంది. ఖాతా ఖాళీ చేసుకున్నవాడికి బౌన్స్ ఛార్జీ, ఖాతాలో డబ్బున్నవాడికి మళ్లీ రిఫండు అర్జీ.

కాబట్టి బావగారిని బల్ల మీద కూచోబెట్టి, అక్కడి నుంచే కొత్త స్టేట్‌మెంట్‌కి మెయిల్ పెట్టించాం, ఆ రోజు తేదీకే లెక్క కట్టమని. మధ్యాహ్నం భోజనాల తరవాత వచ్చింది. మొత్తం 319.56, ఇతర ఛార్జీలు సున్నా. యూపీఐలో పైసలతో సహా కట్టి, అక్కడే నిలబడి, నిలవ సున్నా అని చూపించే ఖాతా నకలు ముద్రేయించుకుని బయటపడ్డాం. రసీదు చాలదు, సున్నా కనబడాలి. క్లోజర్ లెటర్ తరవాత మెయిల్‌లో వచ్చింది, అందులో ముగింపు తేదీ 18 అని ఉంది. ఆ తేదీని ఎరుపు సిరాతో చుట్టి ఉంచమన్నాను బావగారిని.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తాకట్టు రద్దు పత్రం సంగతి చెప్పుకుంటే ఇంకో వ్యాసమవుతుంది. కంపెనీ తరఫున సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు, వచ్చాడు, పెట్టాడు. ఆ తరవాత ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం తీసి, రద్దు కూడా ఎక్కిందో లేదో చూసుకోవాలి, అంతే.

నిన్న దస్తావేజులిస్తామని పిలిచారు. అవి హైదరాబాదు గోదాములో ఉంటాయట, సీలేసిన కవరులో వచ్చాయి. కుర్రాడు రిజిస్టరు ముందుకి తోసి, "ఒరిజినల్స్ అన్నీ ముట్టినవి అని సంతకం పెట్టండి సార్" అన్నాడు. బావగారు అలాంటివాటిలో గట్టివారు. లోను తీసుకున్ననాడు కంపెనీ ముద్రేసి ఇచ్చిన జాబితా, ఏ కాగితం ఒరిజినల్, ఏది నకలు, ఎన్ని పేజీలు అని ఉండే కాగితం, ఇనప్పెట్టెలోంచి తీసి పట్టుకెళ్లారు. చాలామంది దగ్గర ఈ జాబితా ఉండదు, అక్కడే దెబ్బ తింటారు.

కవరు చించి, కళ్లజోడు పెట్టుకుని, వేలు తడి చేసుకుంటూ ఒక్కో పేజీ లెక్కపెట్టారు. క్రయదస్తావేజు సరిపోయింది. ప్లాను సరిపోయింది. మూడోది లింకు డాక్యుమెంటు, అంటే ఆస్తి అంతకుముందు ఎవరిదో చూపించే పాత దస్తావేజు, బావగారి నాన్నగారి పేరుమీదది. దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు. స్టాంపు కాగితం మీద ఉండే ఎంబాసు ముద్ర వేలికి తగల్లేదు. సంతకాల సిరా కూడా మొత్తం ఒకే నలుపు. జిరాక్సు.

"ఇది ఒరిజినల్ కాదుగా?"

"లోపల ఎక్కడో ఉండుంటుందండి. మీరు సంతకం పెట్టెయ్యండి, దొరికాక కొరియర్ చేయిస్తాం."

పోతే పోయిందని ఒప్పుకుంటే, సర్టిఫైడ్ నకలు తెచ్చిపెట్టడంలో సాయపడాల్సింది కంపెనీయే, ఖర్చూ కంపెనీదే. దానికి ఇంకో 30 రోజులిచ్చారు, మొత్తం 60 దాటితే అప్పుడు రోజుకి 5,000 లెక్క మొదలు. ఇవన్నీ "అన్నీ ముట్టినవి" అని సంతకం పెట్టనివాడికే.

బావగారు రిజిస్టర్లో ఆ మాట కొట్టేసి, "లింకు డాక్యుమెంటు ఒరిజినల్ ముట్టలేదు, జిరాక్సు ఇచ్చారు" అని తెలుగులో రాసి, కింద తేదీ వేసి, సంతకం పెట్టారు. కుర్రాడు దాన్ని చూసి, ఇలా రాస్తే సిస్టమ్ తీసుకోదండి అన్నాడు.

"దాన్ని నేనడగలేదు బాబూ. నువ్వు తీసుకో" అన్నారు బావగారు.