సోమశిలకు ఎదురెక్కిన నీళ్లు

మొన్న మీటింగులో పెన్నా నీళ్లు ఎగువకు పారాయి. మా రిపోర్టులో 6.1 బొమ్మ చూడండి, కనిగిరి రిజర్వాయరు నుంచి ఎగువనున్న సోమశిల డ్యాముకు నిక్షేపంగా ఎక్కుతుంటాయి. అంతమంది ముందు కర్ర పట్టుకుని దాన్ని చూపించిన ఘనత నాది.

డెల్టా నీటి పంపిణీ మీద లావుపాటి రిపోర్టు. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు రాశారు, ఎవరి బొమ్మలు వాళ్లే గీసుకున్నారు. కలిపి బైండు చేయించి, పోయి చెప్పే పని నా నెత్తిన పడింది. "కలపడమేగా అబ్బయ్యా, దానికేముంది" అన్నాడు పెద్దసారు.

రెండో అధ్యాయంలో నిండు నీలిగీత, చివర బాణం. సోమశిల నుంచి సంగం, అక్కణ్ణుంచి కనిగిరి రిజర్వాయరు, ఆపైన పొలాలు. నీళ్లు అటు పోతాయని అర్థం. ఆరో అధ్యాయం ఇండెంట్ల గురించి. కింది ఇంజినీరు తనకెన్ని నీళ్లు కావాలో రాసి పైకి పంపుతాడు, ఆ కాగితం మెట్టుమెట్టుగా సోమశిల దాకా పోతుంది. దానికీ అదే నీలిగీత, అదే బాణం. రంగు బాగుందని రెండో అధ్యాయం నుంచి కాపీ కొట్టాడట గీసినాయన.

ముందు వరసలో నీటి సంఘం పెద్దాయన ఉన్నాడు. చివరి ఆయకట్టు మనిషి, అంటే కాలువలో నీళ్లకన్నా కాలువ బొమ్మలే ఎక్కువ చూసినవాడు. కళ్లజోడు సర్దుకుని, కూర్చున్న చోటి నుంచే బాణం వెంబడి గాల్లో వేలు పైకి పోనిచ్చాడు.

"కనిగిరి నుంచి సోమశిలకు నీళ్లు ఎట్టా పోతాయబ్బయ్యా?"

"నీళ్లు కాదు పెద్దాయనా, కాగితం."

"ఇందాక ఇదే గీత చూపించి నీళ్లన్నావే?"

"అది వేరు, ఇది వేరు."

"వేరని యాడ రాసుండాది?"

గుర్తుల పట్టీ చూశాను. బాణం పక్కన ఒకే మాట: 'ప్రవాహం'. ఏం ప్రవహిస్తుందో రాయలేదు. అప్పటికి ప్రవహిస్తున్నది నా చెమట. పక్కాయన అందుకున్నాడు: "మోటార్లు పెట్టి ఎక్కిస్తన్నారేమో మామా." సోమశిల నిండుమట్టం సముద్రమట్టానికి 100 మీటర్ల పైచిలుకు. కరెంటు బిల్లు ఎవురు కడతారని ఇంకొకాయన లేచాడు. చివరికి పెద్దాయన తీర్పు చెప్పేశాడు: "అదీ సంగతి. మా మడికి రావాల్సిన నీళ్లు ఇట్టా ఎనక్కి పోతన్నాయి." హాలంతా చప్పట్లు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. నాలుగో అధ్యాయంలో త్రిభుజమంటే రిజర్వాయరు, ఐదో దాంట్లో నీటిమట్టం కొలిచే చోటు. సర్వేలో రిటైరైన ఒకాయన, సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో త్రిభుజమంటే సర్వే కొలతలకు ఆధారంగా పెట్టుకునే ట్రిగ్ స్టేషను కదా అని మూడో అర్థం దానం చేశాడు. చుక్కల గీత ఒకచోట ప్రతిపాదిత కాలువ, ఇంకోచోట భూమిలో పైపు. పైగా పంచిన ప్రతులన్నీ నలుపు జిరాక్సులు. కలరు ప్రింటుకు శాంక్షను లేదంట, వచ్చిన అతిథులకు జీడిపప్పు ఉప్మాకు మాత్రం ఉంది. ఎరుపూ నీలమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి.

ఆ రాత్రి కూర్చుని ఒక్క పేజీలో పట్టీ రాశాను. గీత తీరు ఒక్క సంగతే చెప్పాలి: నిండు గీత ఉన్నది, తెగిన గీత ప్రతిపాదన. ఏం కదులుతోందో బాణపు మొన చెప్పాలి: నిండు మొన నీళ్లు, ఖాళీ మొన కాగితం. పైపుకు జంటగీత. త్రిభుజం రిజర్వాయరుకే, కొలిచే చోటుకు వృత్తం. రంగు ఉంటే ఉండనీ, జిరాక్సులో రంగు పోయినా అర్థం మాత్రం పోకూడదు.

బాణం ఇచ్చేవాడి నుంచి పుచ్చుకునేవాడి వైపే అని కూడా రాశాను. గేట్ల సాఫ్ట్‌వేర్ రాసిన పిల్లోడు ఒప్పుకోలేదు. వాళ్ల యూఎంఎల్ బొమ్మల్లో ఆధారపడేదాని నుంచి ఆధారమిచ్చేదాని వైపు బాణం, అదీ తెగిన గీతతో. గేటు ప్రోగ్రాం మట్టం లెక్క మీద ఆధారపడితే, లెక్క ఇటు వస్తుంటే బాణం అటు చూస్తుంది. వాళ్ల శాస్త్రాన్ని నేను మార్చలేను కదా. ఆ ఒక్క బొమ్మకు వేరే పట్టీ పెట్టి, ప్రతి బాణం మీదా 'ఆధారపడుతుంది' అని రాయించాను.

మిగతా అన్ని బొమ్మల కిందా ఈ పట్టీ ఒక్కటే. దాన్ని అతికిస్తే, రేపు ఒకచోట దిద్దినా మిగతా చోట్ల పాతదే మిగులుతుంది. అందుకని వర్డ్‌లో Link to File పెట్టి, అన్నీ ఒకే ఫైలు నుంచి వచ్చేలా చేశాను. ఆరో అధ్యాయం పేజీ ఒక్కటి జిరాక్సు తీసి, రిపోర్టు మొహం చూడని మా అటెండరుకిచ్చి ఏం పోతోందని అడిగాను. "కాగితాలు పైకి పోతన్నాయి సార్" అన్నాడు. కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

నిన్న ఫైనల్ కాపీ ప్రింటుకు పోయింది. ఇవాళ పొద్దున ఆరో అధ్యాయం ఆయన ఫోను: "సార్, నా బొమ్మలో బాణాలెవరో పాడుచేసినారు. ఏం కంగారు పడబాకండి, ప్రెస్సుకు పోయి పాత నీలివే పెట్టించేశాను."