గల్లాపెట్టెకు ఇద్దరు యజమానులు

బేగంబజార్‌లోని ఒక టోకు స్టీలు సామాన్ల దుకాణం ఈ మధ్య రెండుగా చీలింది. గోడ కట్టలేదు, వాటాలు పంచుకోలేదు. గల్లా దగ్గర నాన్నగారి ఖాతా పుస్తకం ఉంటుంది, రెండడుగుల అవతల కొడుకుగారి కంప్యూటర్ ఉంటుంది. ఒకే అమ్మకాన్ని ఇద్దరూ రాస్తారు. రాత్రి షట్టరు దించేసరికి రెండు లెక్కలూ కలవవు. దేశాల మధ్య శాంతి చర్చలు కూడా ఇంతకంటే సులువని నా నిశ్చితాభిప్రాయం.

ముఖ్య వివాదం అట్టపెట్టెల మీది అక్షరాల గురించి. కొన్న ధర కొనేవాడికి తెలియకూడదని, అక్షరాలు మళ్ళీ రాని పది అక్షరాల మాట ఒకటి ఎంచుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కట్టి, పెట్టె మీద ధరను ఆ అక్షరాల్లో రాయడం పాత వ్యాపారుల పద్ధతి. ఆ మాట నాన్నగారికి తప్ప మరొకరికి తెలియదట. కొడుకు అడిగితే, "సమయం వచ్చినప్పుడు చెబుతాను" అన్నారు. కొన్న ధర తెలియక కొడుకు ఆ గడిలో సున్నా పెట్టుకున్నాడు. కాబట్టి కంప్యూటర్ లెక్క ప్రకారం అమ్మిన ప్రతి గిన్నె, ప్రతి తపేలా మొత్తం లాభమే. ఇంత లాభదాయకమైన సంస్థ భూమండలం మీద మరొకటి లేదు. జీతాలకు మాత్రం అప్పు చేస్తున్నారు.

రెండోది అరువు. అరవై రోజులు దాటిన బాకీ ఉన్నవారికి కొత్త బిల్లు రాకుండా కొడుకు కంప్యూటర్‌లో తాళం వేశాడు. మొదటి వారంలోనే నల్లగొండ వైపు నుంచి వచ్చే పాత చిల్లర వ్యాపారి దానికి చిక్కాడు. ఆయన పెళ్ళిళ్ళకు ముందు సరుకు తీసుకెళ్తాడు, వడ్లు అమ్ముడై ఊళ్ళో డబ్బు తిరిగాక కడతాడు. ఈ సంగతి ఖాతా పుస్తకంలోనూ లేదు, నాన్నగారి బుర్రలో ఉంది. సదరు వ్యాపారి "సేటు గారూ, మీ యంత్రానికి దండం" అని ఎదురు దుకాణానికి వెళ్ళిపోయాడు.

నాన్నగారు గెలిచారని సంబరపడకండి. అదే పుస్తకంలో వెనక పేజీలు తిప్పితే, సరుకు కొనడం మానేసి నవ్వడం మాత్రం మానని వారు చాలామంది కనిపిస్తారు. వారికిచ్చిన సరుకు మీద జీఎస్టీ, బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా దుకాణమే కట్టేసింది. వాళ్ళు కట్టినా కట్టకపోయినా ప్రభుత్వం ఆగదు. అరువిచ్చి, దాని పన్ను కూడా మనమే ముందుగా కట్టడాన్ని నాన్నగారు "మనుషుల్ని సంపాదించుకోవడం" అంటారు. ఆ మనుషుల బాకీల వయసు కంప్యూటర్ నెలలవారీగా చూపిస్తుంది కనుకనే దాని మీద ఆయనకు కోపమని నా అనుమానం.

అసలు తగువు మాత్రం ఇద్దరూ మరిచిపోయారు. దుకాణం నాన్నగారి ఒక్కరి సొంత యాజమాన్యం కింద ఉంది. 36తో మొదలయ్యే 15 అక్షరాల జీఎస్టీ సంఖ్యలో మూడో అక్షరం నుంచి పది అక్షరాలు నాన్నగారి పాన్ సంఖ్యే. బ్యాంకు కరెంటు ఖాతా ఆయనదే. గల్లా మీద అంటించిన క్యూఆర్ కోడు ఆ ఖాతాకే, ఓటీపీ వచ్చేది ఆయన బటన్ల ఫోనుకే. కొడుకు ఎంత ఆధునికీకరించినా, చివరకు "నాన్నా, ఆ నంబరు చదవండి" అనక తప్పదు. ఆయన కళ్ళజోడు వెతుక్కునేలోపు నంబరు గడువు తీరిపోతుంది.

ఆయనకు ఏదైనా జరిగితే ఖాతాలోంచి డబ్బు తీయడం ఆగిపోతుంది. వారసుడు ధ్రువపత్రాలు పట్టుకుని తిరగాలి, కొత్త జీఎస్టీ సంఖ్య తీసుకోవాలి, మిగిలిన ఇన్‌పుట్ పన్ను జమను ఐటీసీ-02 ఫారం ద్వారా పాత సంఖ్య నుంచి కొత్తదానికి మార్చుకోవాలి. ఆయన ఉండగా చేస్తే ఇదే పని, సంతకాలు మాత్రం తేలిక.

ఆడిటర్ గారు భాగస్వామ్య సంస్థ పెట్టమన్నారు. నాన్నగారు వెంటనే ఒప్పుకున్నారు. చెక్కుల మీద సంతకం తనదే ఉండాలని ఒక్క షరతు. కొడుకు కూడా ఒప్పుకున్నాడు. పుస్తకం అటకెక్కాలని ఒక్క షరతు. అయితే ఇద్దరే భాగస్వాములుంటే ఒకరు పోయాక సంస్థే మిగలదని, భాగస్వామి మరణించినా సంస్థ కొనసాగాలన్న షరతు పనికి రావాలంటే మూడో మనిషి కావాలని ఆడిటర్ చెప్పారు. చర్చల్లో ఇంతవరకు టీ మాత్రమే అందించిన అమ్మగారి పేరు అలా దస్తావేజులోకి ఎక్కింది.

సంతకం పెట్టేముందు సరుకు చూడాలని ఆమె గోదాముకు వెళ్ళారు. మొదటి అట్టపెట్టె మీది అక్షరాలను చూసి, "నూట ఎనభై నాలుగు. రాసుకో" అన్నారు కొడుకుతో. దుకాణం పెట్టిన కొత్తలో ఆ చీటీలన్నీ రాసింది ఆమే.