వాన మీద ఒక అభ్యంతరకర ప్రసంగం

మా ఊరి బడి వార్షికోత్సవంలో డ్రిల్లు మాస్టారు చేసిన ప్రసంగంపై నా అభ్యంతరాన్ని నమోదు చేయక తప్పడం లేదు. ఆయనకు ఇచ్చింది నాలుగు నిమిషాలు. మూడు నిమిషాలు ముఖ్య అతిథిని, ఒక నిమిషం కరస్పాండెంటు గారిని పొగిడి, ఊపిరి మిగిలితే పిల్లలను తలచుకోవడం మన ఆచారం. ఈయన మైకు అందుకుని నేరుగా బురదలోకి దిగారు.

"బడి తెరిచేది జూన్‌లో, వానలు మొదలయ్యేదీ అప్పుడే. ఆగస్టులో మండల పోటీలు. అప్పుడూ వానే. తెరిపిచ్చాక ఆడదామంటే పోటీలే అయిపోతాయి" అన్నారు. ఇంత చిన్న లెక్క పెద్దలెవరికీ తట్టలేదంటే కారణం ఉంది. వానాకాలంలో ఆటల పీరియడు లెక్కల మాస్టారికి వెళ్లిపోతుంది. పైగా ఆడపిల్లలు తడిస్తే జలుబు చేస్తుంది. మగపిల్లల ముక్కుల నిర్మాణం వేరు కాబోలు, వాళ్లకు ఎవరూ గొడుగు పట్టరు.

"మా ఫుట్‌బాల్ అమ్మాయిలు ఎంతో కష్టపడ్డారు" అని చప్పట్లు కొట్టించి దిగిపోయి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆ కష్టం ఏమిటో ఆయన చెప్పడం మొదలుపెట్టారు. రోజూ ఆటకు ముందు ఒక అమ్మాయి బంతిని ఛాతీ ఎత్తు నుంచి అక్కడక్కడా వదిలేదట. ఎగిరిన చోట ఆట. చప్పున చతికిలబడిన చోట ఒక పుల్ల గుచ్చడం. మైదానం నిండా పుల్లలైతే ఆ రోజు ఆట లేదు. మెరుపు కనబడితే అంకెలు లెక్కపెట్టాలి. ముప్పై లోపే ఉరిమిందా, అందరూ వరండాలోకి పరుగు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయట అడుగు పెట్టకూడదు. ఆ అరగంట లెక్కలు చేసుకునేవారని మాస్టారు ప్రమాణపూర్వకంగా చెప్పారు. లెక్కల మాస్టారి ముఖం కాస్త తేరుకుంది.

తర్వాత మండల పోటీ సంగతి ఎత్తారు. తడిసిన గడ్డి మీద బంతి మామూలుకన్నా వేగంగా జారిపోతుంది. అదే బంతి నీటి గుంట తగిలితే కాళ్లు విరిగినట్టు ఆగిపోతుంది. అవతలి జట్టు గోలు ముందు అలాంటి గుంట ఒకటి ఉంది. మనవాళ్లు ఆటకు ముందే దాన్ని చూసి పెట్టుకున్నారు. రెండో సగంలో వాళ్ల డిఫెండరు తమ గోల్‌కీపరుకు బంతిని నేల మీదుగా వెనక్కి తన్నింది. కీపరు చేతులు నడుము మీద పెట్టుకుని బంతి కోసం చూస్తోంది. మన ఏడో నంబరు మాత్రం బంతి వైపు కాక గుంట వైపు పరుగెత్తింది. బంతి వచ్చి అక్కడే ఆగింది. ఒకటి సున్నా.

ఇక్కడ ఆపినా మర్యాద దక్కేది. "జిల్లా పోటీల నాటికి ఎండ కాసింది. గట్టి నేల మీద వాళ్ల పాసుల వేగం మేము అందుకోలేకపోయాం. మూడు గోల్స్ తేడాతో ఓడాం. బురద అన్నీ నేర్పదు" అనేశారు. వార్షికోత్సవ వేదిక మీద ఓటమిని ఇలా పేరు పెట్టి పిలవడం నేనెన్నడూ వినలేదు. బడిపంతుళ్ల చేతిలో ఫుట్‌బాల్ పెడితే ఏమవుతుందో దేశానికి తెలియనిది కాదు. హైదరాబాద్ రహీం సాహెబ్ కూడా పంతులే. ఆయన శిక్షణలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం దాకా వెళ్లాం. ఆ తర్వాత మనం జాగ్రత్తపడ్డాం. 1960 తర్వాత ఒలింపిక్ ఫుట్‌బాల్ ఛాయలకే వెళ్లలేదు.

ప్రసంగం ఇలా సాగుతున్నంత సేపూ నేను షామియానా గుంజకు ఆనుకుని ఉన్నాను. ఆ గుంజ పాతింది సరిగ్గా పెనాల్టీ స్థలంలో. వానాకాలమంతా అమ్మాయిలు తట్టలతో ఇసుక మోసి చదును చేసిన చోటు అదే. వాళ్లను అభినందించడానికి అక్కడ నలభై గుంతలు తవ్వించారు. ముఖ్య అతిథికి శాలువా, జట్టుకు తలా ఒక స్టీలు గిన్నె.

చివరగా మాస్టారు నా పొట్ట మీద కొట్టారు. "తడిసిన బూట్లను పొయ్యి పక్కన పెడితే బంక విడిపోతుంది. లోపల పాత పేపరు ఉండలు చేసి కుక్కండి, తడి పీల్చాక మార్చండి. ఆటల పేజీ మాత్రం దాచుకోండి, సంపాదకీయం పేజీ వాడండి" అన్నారు. ఆ పేజీలో కింది మూల నాది. సభ ముగిశాక జట్టు కెప్టెన్ ఎంతో వినయంగా నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మీ వ్యాసం ఏ రోజు వస్తుందండీ?" అని అడిగింది. గురువారం అని చెప్పాను. "ఆ రోజు రెండు కాపీలు ఇప్పించగలరా? గోల్‌కీపరు బూట్లు పెద్దవి."