కనబడాలంటే మనవణ్ని వెంట తెచ్చుకోండి

పాత కథల్లో మనిషి మాయం కావాలంటే కళ్లకు అంజనం పెట్టుకోవాలి, మంత్రం చదవాలి. మా పాలమూరులో అంత తతంగం అక్కర్లేదు. జుట్టు నెరిసి, నడుం కాస్త వంగి, మాసిన ధోతితో ఏ కౌంటర్ ముందు నిలబడ్డా చాలు, మాయం. లెక్క ఇప్పుడు తిరగబడింది, కనబడాలంటేనే ఏదో ఒకటి పూసుకోవాలి. కిరాణా కొట్టులో హెయిర్ డై ప్యాకెట్లు దండలుగా వేలాడేది అందుకేనని నా పరిశోధనలో తేలింది.

పోయిన నవంబరులో మా దగ్గర ఒక బ్యాంకులో ఈ విద్యను దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. ఆసరా పింఛను 2,016 రూపాయలు తీసుకోవడానికి డెబ్బై దాటిన పెద్దాయన వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు గుంపుమేస్త్రీ వెంట దేశం తిరిగి కాలువలు, కట్టలు కట్టిన పాలమూరు లేబరు. వెంట పదో తరగతి చదివే మనవడు, చేతిలో ఫోన్.

"ఏం గావాలె బాబూ?" అన్నాడు కౌంటర్ ఆయన, మనవణ్ని చూసి.

"పింఛను సారూ," అన్నాడు తాత.

"తాతకు ఇనబడ్తదా?"

"ఇనబడ్తది సారూ." ఇదీ తాతే చెప్పాడు. ఆ జవాబును కూడా ఆయన పిల్లవాడి వైపు చూస్తూనే అందుకున్నాడు. తాత పేరేంది, తాత ఆధార్ ఏది, తాతను కొంచెం జరగమను. పార్సిల్ ఆఫీసులో మూట గురించి మాట్లాడినట్టే సాగింది వ్యవహారం.

తర్వాత వేలిముద్ర. కుడి బొటనవేలు పడలేదు. ఎడమది పడలేదు. తువ్వాలకు తుడిచాడు, గట్టిగా అదిమాడు, మళ్లీ పడలేదు. ఇందులో వింతేం లేదు. వయసు పైబడితే చర్మం ఎండి, బిగువు పోయి, వేలిగీతలు చదునవుతాయి. ఏళ్ల తరబడి సిమెంటు కలిపిన చేతులైతే మరీను, అందులోని సున్నం గుణం గీతల్ని ముందే తినేస్తుంది. కౌంటర్ ఆయన మిషన్‌ను కాదు, మనవణ్ని చూసి తీర్పు చెప్పాడు: "తాత వేళ్లు అరిగినయి. రేపు తీస్కరా."

ఆ వెనకే ఇంకో పెద్దమనిషి. రిటైర్డ్ ఉద్యోగి, బతికే ఉన్నానని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. వయసు తాత కంటే రెండేళ్లు ఎక్కువే, కానీ జుట్టు నల్లగా నిగనిగ, చొక్కాకు ఇస్త్రీ. ఈయన బొటనవేలూ పడలేదు. "కూర్చోండి సార్, తడిగుడ్డతో ఒకసారి తుడవండి. గట్టిగా నొక్కకండి, గీతలు అలుక్కుపోతాయి. వేరే వేలు పెట్టి చూద్దాం, ఆధార్‌లో పదీ ఉంటాయి కదా." నడిమి వేలితో పడింది. సార్ బతికే ఉన్నాడని ప్రభుత్వానికి రూఢి అయింది.

అంటే తడిగుడ్డ ఉంది, పది వేళ్ల సంగతి తెలుసు. కనుపాపలతో చూసుకునే పద్ధతి కూడా ఆధార్‌లో ఉంది. ఇవన్నీ ఇస్త్రీ చొక్కాకే వర్తిస్తాయన్న చిన్న షరతు మాత్రం ఎక్కడా రాసి లేదు, రాస్తే బాగుండేది.

రాసినవి వేరే ఉన్నాయి. సీనియర్ సిటిజన్లకు ప్రత్యేక కౌంటర్ గానీ, ముందు వరుస గానీ ఉండాలని, డెబ్బై దాటినవారికి డబ్బులు ఇంటికే తెచ్చిచ్చే ప్రయత్నం చేయాలని 2017 నవంబరులో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మా బ్యాంకు బోర్డు పెట్టింది కూడా. దాని కింద మంచినీళ్ల క్యాన్ కూర్చుంది. అదీ పెద్ద వయసుదే లెండి.

ఈ మాయ శాశ్వతమేం కాదు. భూమి అమ్మిన పైసలతో ఇదే తాత ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వచ్చాడనుకోండి, అర శాతం వడ్డీ ఎక్కువని, కుర్చీ వేసి, చాయ్ చెప్పి, నేరుగా ఆయన మొహంలోకే చూసి వివరిస్తారు. వినబడుతుందా అని ఒక్కరూ అడగరు.

నన్ను తొలిచింది మాత్రం బయట చాయ్ హోటల్ దగ్గర. "తాతా, చక్కెర ఎయ్యాల్నా?" అని నేరుగా ఆయన్నే అడిగారు. తాత మనవడి మొహం చూశాడు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా వాడే చెప్పాడు, ఎయ్యమని. లోపల అంతసేపు ట్రైనింగ్ ఇచ్చాక అలవాటు కాకేం చేస్తుంది?

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. ప్రతి ఆఫీసు గుమ్మం దగ్గర అద్దె మనవళ్లను పెట్టాలి. పాతికేళ్ల లోపు వయసు, జీన్స్ ప్యాంటు, చేతిలో ఫోన్ ఉంటే అర్హత సరిపోతుంది, తాత పేరు తెలియాల్సిన పని లేదు. ఇక తేలాల్సింది ఒక్కటే, వాళ్ల కూలి ఎవరి ఖాతాలో కోయాలన్నది. తాతనే అడుగుదామని ఫైలు కదిలిందట గానీ, కౌంటర్ ముందు ఎవరూ లేరని రాసి వెనక్కి పంపారు.