మధ్యాహ్నం ఒంటిగంటకు రండి, పవర్ మీటర్ తెచ్చుకోండి

మా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి ఈ రోజు పంపిన ఫిర్యాదు లేఖ ఇది. ఇలాంటి ఇబ్బంది మరికొందరికీ ఉండవచ్చని ఇక్కడ కూడా పెడుతున్నాను.

అయ్యా,

తిరుపతి కొర్లగుంటలో ఉంటున్న మీ ఫైబర్ కనెక్షన్ ఖాతాదారుని నేను. గత 24 రోజుల్లో మా ఇంటర్నెట్ 61 సార్లు తెగిపోయింది. ఈ లెక్క జ్ఞాపకం మీద చెబుతున్నది కాదు. రెండోసారి తెగిన రోజు నుంచే మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో తేదీ, తెగిన సమయం, మళ్లీ వచ్చిన సమయం, అప్పుడు ఇంట్లోని ఫైబర్ పెట్టె మీద ఏ లైటు వెలిగిందో రాసుకుంటూ వచ్చాను. ఈ వ్యవధిలో ఐదుసార్లు ఫిర్యాదు చేశాను. ఐదుసార్లూ ‘మీ సమస్య పరిష్కారమైంది’ అన్న సందేశమే వచ్చింది. ఒక్కసారీ పరిష్కారం కాలేదు.

ఎందుకిలా జరుగుతోందో నాకు అర్థమైంది. లైను తెగితే ఏడెనిమిది నిమిషాల్లో తిరిగి వస్తుంది. మీ వాళ్లు ఫోన్ చేసేసరికి ఇంటర్నెట్ నడుస్తూనే ఉంటుంది. ‘ఇప్పుడు వస్తోందా మేడమ్?’ అని అడుగుతారు. వస్తోందంటే ఫిర్యాదు మూసేస్తారు. సాంకేతిక సిబ్బంది రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ ఉదయం తొమ్మిది గంటలకే. వేగం పరీక్షించి, బాగుందని చెప్పి, రూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయమని వెళ్లిపోయారు. జ్వరం దిగిన వేళ నాడి చూసి రోగం లేదన్నట్టుంది ఇది.

నా పుస్తకంలో 61కి 44 సార్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు లోపలే తెగింది. మిగిలినవాటిలో ఎక్కువ సాయంత్రం గాలి వీచినప్పుడు. తెగిన ప్రతిసారీ పెట్టె మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగింది. ఇది మా ఇంటి వైఫై లోపం కాదని చెప్పడానికి ఆ ఒక్క లైటు చాలు. వైఫై బలహీనంగా ఉంటే ఆ లైటు వెలగదు. మీ సర్వర్ దగ్గర ఇబ్బంది ఉన్నా సాధారణంగా వెలగదు. గాజు తీగలోంచి రావలసిన కాంతి సరిపడా రానప్పుడే అది ఎర్రబడుతుంది. రూటర్ ఆపి మళ్లీ వేయడం వల్ల రాని కాంతి రాదు. దయచేసి ఆ సలహా ఇంకొకసారి ఇవ్వకండి.

మా పెట్టె సెట్టింగుల పేజీలో అందుతున్న కాంతి ఎంతో కనిపిస్తుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి చూశాను. కనెక్షన్ ఇచ్చిన రోజు మీ మనిషి కాగితం మీద రాసిచ్చిన సంఖ్య మైనస్ 20.5 డీబీఎం. ఇప్పుడు ఉదయం పూట మైనస్ 26.5 ఉంటోంది. మండుటెండలో మైనస్ 28 దాటుతోంది. ఈ సంఖ్య మూడు తగ్గితే కాంతి సగమైనట్టు. అంటే ఉదయం మాకు మొదట్లో వచ్చిన కాంతిలో పావు వంతే అందుతోంది, మధ్యాహ్నం ఐదో వంతు కూడా అందడం లేదు. ఇళ్లలో ఎక్కువగా పెట్టే పెట్టెలు మైనస్ 27 వరకే నమ్మకంగా పనిచేస్తాయి. ఉదయం మీ వాళ్లు వచ్చేసరికి మా లైను ఆ గీతకు ఇవతల అర మెట్టు మీద నిలబడి ఉంటుంది. మధ్యాహ్నానికి జారిపోతుంది.

మేడ మీదికెక్కి చూస్తే కారణం కూడా కనిపిస్తోందని నా నమ్మకం. స్తంభం నుంచి మా ఇంటికి వచ్చే సన్నని నల్ల కేబుల్‌ను పిట్టగోడకున్న ఇనుప కొక్కేనికి చుట్టి, జడపిన్ను వంచినట్టు వంచారు. అక్కడికి రెండు అడుగుల దూరంలో ఒక అతుకు ఉంది. దానికి చుట్టిన టేపు ఎండకు పెళుసెక్కి ఊడిపోయింది. గాజు తీగ అంత గట్టిగా వంగితే కాంతి ఆ వంపు దగ్గర బయటికి కారిపోతుంది. మే నెల ఎండకు కేబుల్ సాగి, అతుకు కదిలితే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ కాంతి కంటికి కనిపించదు కానీ కంటికి హానికరం. చదివేవాళ్లెవరూ ఊడిన తీగ చివర కంటి ముందు పెట్టుకొని చూడకండి.

నేను ఇంటి నుంచి చిన్న దుకాణాలవాళ్ల పద్దులు రాస్తాను. ఈ 20వ తేదీన, జీఎస్‌టీ నెలవారీ రిటర్నుకు ఆఖరి రోజున, ఒక కిరాణా కొట్టు ఆయన పక్కనే కూర్చొని తన ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు చదువుతున్నారు. నాలుగో అంకె కొట్టేసరికి ఎర్ర లైటు. తిరిగి వచ్చేసరికి ఓటీపీ గడువు తీరింది, పేజీ మొదటికి వచ్చింది. రెండోసారీ అదే జరిగింది. చివరికి ఆయన తన ఫోను డేటాతో పని ముగించుకొని వెళ్లారు. మాట అనలేదు. కానీ నేను డబ్బు తీసుకొని చేసే పని అది. ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాను.

అందుకే బిల్లు విషయంలో గట్టిగా అడుగుతున్నాను. మీ ప్రతినిధి ఫోనులో చెప్పిన పద్ధతి ప్రకారం ఆగిన నిమిషాలకే తగ్గింపు ఇస్తారట. నా పుస్తకంలో అవి మొత్తం 400 నిమిషాలు. 799 రూపాయల నెల ప్లానులో దాని విలువ 7 రూపాయల 40 పైసలు. ఇది న్యాయం కాదు. రోజుకు మూడుసార్లు తెగే లైను మీద ఎవరూ ఏ పనీ పెట్టుకోలేరు, మిగిలిన గంటలు నడిచినా. అందుకే మూడుసార్లు, అంతకు మించి తెగిన రోజులను మాత్రమే లెక్కించాను. అవి 17. నెలకు 30 రోజుల చొప్పున 452 రూపాయల 77 పైసలు, 18 శాతం జీఎస్‌టీ కలిపితే 534 రూపాయల 26 పైసలు. వచ్చే బిల్లులో ఈ మొత్తం తగ్గించండి.

సాంకేతిక సిబ్బందిని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు గంటల మధ్య పంపండి. లాప్‌టాప్‌లో వేగం చూసి వెళ్లేవారు కాదు, కాంతిని కొలిచే ఆప్టికల్ పవర్ మీటర్, తీగ అతికే యంత్రం ఉన్నవారు కావాలి. ముందు స్తంభం పెట్టె దగ్గర కొలవాలి, తరువాత మా ఇంట్లో కొలవాలి. స్తంభం దగ్గర మైనస్ 20 చుట్టుపక్కల ఉండి ఇంట్లో 28 ఉంటే తప్పు మా కేబుల్‌ది. అప్పుడు అతుకు మీద మళ్లీ టేపు చుట్టకుండా స్తంభం నుంచి ఇంటిదాకా ఒకే తీగ కొత్తది వేయాలి. స్తంభం దగ్గరే 27 ఉంటే తప్పు మీ పంపిణీ పెట్టెలోనో, దానికి వెనకనో ఉంటుంది, కొత్త కేబుల్ వేసినా లాభం లేదు. రెండు కొలతలూ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ తరువాత రెండు మధ్యాహ్నాలు గడిచాకే ఫిర్యాదు మూయాలి.

ఈ ఫిర్యాదుకు నమోదు సంఖ్య ఇవ్వండి. ట్రాయ్ 2012లో చేసిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం అది నాకు రావలసిందే. ఈసారి కూడా పని చేయకుండా మూసేస్తే మీ కంపెనీలోని అప్పీలు అధికారికే రాస్తాను. ఆయన 39 రోజుల్లో తేల్చాలి. నోటుపుస్తకం పేజీల ఫోటోలు, మొదటి రోజు కాగితం, సెట్టింగుల పేజీ చిత్రాలు జతచేశాను.

ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నేను ఇంట్లోనే ఉంటాను. మేడ మీదికి నిచ్చెన మా దగ్గర ఉంది.