నా 140 వీడియోలూ ఒకే నమస్కారంతో మొదలయ్యాయి

సైకిల్ రిపేర్ మీద నాకో చిన్న యూట్యూబ్ ఛానెల్ ఉంది. మొన్న ఒకాయన కామెంట్ పెట్టాడు. "అన్నా, బ్రేకుల మీద మూడు వీడియోలు చేశావు. నాది డిస్క్ బ్రేక్, పట్టినప్పుడల్లా కీచుమంటోంది. మూడింట్లో ఏది చూడను?" కింద డిస్క్రిప్షన్ ఉంది కదా, చదువుకో అని రాయబోయాను. ఎందుకో ఒకసారి నేనే చదువుదామనిపించి తెరిచాను. మూడింటి కిందా ఒకటే రాత. "నమస్కారం, మా ఛానెల్‌కి స్వాగతం. సైకిల్‌కి సంబంధించిన అన్ని విషయాలూ ఇక్కడ..." అంటూ మొదలై, సబ్‌స్క్రైబ్ చెయ్యమని బతిమాలి, లింకులు ఇచ్చి ముగిసింది. డిస్క్ అన్న మాటే ఎక్కడా లేదు. వెనక్కి వెళ్లి చూస్తే ఛానెల్లో ఉన్న 140 వీడియోలదీ అదే కథ.

తప్పు పూర్తిగా నాదే. యూట్యూబ్ స్టూడియోలో `Settings` లోకి వెళ్లి `Upload defaults` తెరిస్తే టైటిల్, డిస్క్రిప్షన్, ట్యాగులు ముందే రాసిపెట్టుకునే పెట్టెలు ఉంటాయి. అక్కడ రాసింది ప్రతి కొత్త అప్‌లోడ్‌లోనూ తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. ఛానెల్ మొదలుపెట్టిన వారంలోనే ఎవరో చెప్తే పెట్టేశాను. ఆ తర్వాత అప్‌లోడ్ చేసినప్పుడల్లా పెట్టె నిండుగా కనిపించేది. నిండుగా ఉన్న పెట్టెను చూసి ఇంకేం రాయాలి అనిపించదు. ఖాళీగా ఉంటే కనీసం సిగ్గుపడి రెండు ముక్కలు రాసేవాణ్ణి. నన్నడిగితే టెంప్లేట్‌తో వచ్చే అసలు ప్రమాదం ఇదే, పని అయిపోయినట్టు కనిపిస్తుంది.

"అన్నీ టెంప్లేట్‌లో పెట్టేసుకో, పది నిమిషాలు మిగుల్తాయి" అనే సలహా మీద అందుకే నాకు కోపం. ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో వాళ్లెవరూ చెప్పరు. నా మటుకు నాకు ఇప్పుడు ఒకటే కొలత. ఈ వాక్యం నా ఛానెల్లోని పాత వీడియోకీ, రేపు చేయబోయే వీడియోకీ కూడా నిజమేనా? నిజమైతే డిఫాల్ట్‌లో ఉండొచ్చు, అదీ అడుగున. కాకపోతే దానికి అక్కడ చోటు లేదు.

పైభాగం సంగతి చూడండి. వీడియో కింద డిస్క్రిప్షన్ మొత్తం కనబడదు, నొక్కితేనే తెరుచుకుంటుంది. నొక్కకముందు కనిపించేవి మొదటి ఒకటి రెండు లైన్లే. కంప్యూటర్‌లో వెతికినప్పుడు కూడా టైటిల్ కింద డిస్క్రిప్షన్‌లోని చిన్న ముక్కే కనిపిస్తుంది. అంత విలువైన చోట నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఒక్కో వీడియోకీ దాని డిస్క్రిప్షన్ దానికే ఉండాలని, ముఖ్యమైన మాటలు మొదట్లోనే రావాలని యూట్యూబ్ సహాయ పేజీలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. మనం చదవం, అంతే.

ఇప్పుడు నా డిఫాల్ట్ ఇలా ఉంది:

```
నింపాలి: ఏ సమస్య, ఏ రకం సైకిల్, ఎలా సరిచేశాం

నింపాలి: సమయాలు

వాడిన పనిముట్లు: నింపాలి

రిపేర్ వీడియోలన్నీ వరసగా: (ప్లేలిస్ట్ లింక్)
మీ సైకిల్ రకం, సమస్య కామెంట్లో రాయండి.
```

"నింపాలి" అన్న మాట ఊరికే పెట్టలేదు. మొదట కోణపు బ్రాకెట్లలో పెట్టాను, కానీ డిస్క్రిప్షన్‌లో `<` `>` గుర్తులు చెల్లవు. తర్వాత చుక్కలు పెట్టాను. పైన చుక్కలు చూసి కూడా రెండుసార్లు పబ్లిష్ కొట్టేశాను, మనిషి కన్ను అంతే. మాట అయితే ఒక లాభం ఉంది. స్టూడియోలో `Content` పేజీ పైన ఉండే ఫిల్టర్‌లో డిస్క్రిప్షన్‌ని ఎంచుకుని "నింపాలి" అని కొడితే, నేను మర్చిపోయిన వీడియోలు బయటపడతాయి. మామూలుగా నా డిస్క్రిప్షన్లలో రాని మాట కాబట్టి సరిపోయింది. మీరు వాడేది మీ వీడియోల్లో ఎప్పుడూ రాని మాట అయి ఉండాలి. దీనికి తోడు అదే డిఫాల్ట్ సెట్టింగుల్లో `Visibility` ని `Private` చేసి పెట్టుకున్నాను. మర్చిపోయినా వీడియో నా దగ్గరే ఆగుతుంది.

సమయాల దగ్గర అంకెలు ఎందుకు పెట్టలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే నా పరువు పోయింది అక్కడే. పాత టెంప్లేట్‌లో నమూనాగా ఇలా రాసుకున్నాను:

```
0:00 పరిచయం
1:00 పనిముట్లు
3:00 రిపేర్
```

తర్వాత మార్చుకుందాంలే అనుకున్నాను. చాప్టర్లు ఏర్పడాలంటే మొదటిది 0:00 కావాలి, కనీసం మూడు సమయాలు వరసగా పెరుగుతూ ఉండాలి, ఒక్కోటీ కనీసం 10 సెకన్లు ఉండాలి. నా నమూనా ఈ మూడింటికీ చక్కగా సరిపోయింది! దాంతో మార్చకుండా వదిలేసిన వీడియోలన్నింటిలో ప్లేయర్ కింది గీత మూడు ముక్కలైంది. పంక్చర్ వీడియోలో "రిపేర్" నొక్కిన వాళ్లు తిన్నగా వెళ్లి, అతుకు వేసేసి చేతులు తుడుచుకుంటున్న నా దగ్గర దిగారు. అసలు పని 1:20 కే మొదలైంది. ఇలాంటిది మీ వీడియోల్లో ఉందో లేదో తెలియాలంటే నాలుగైదు వీడియోల గీత మీద మౌస్ పెట్టి చూడండి. అన్నిటిలోనూ ఒకే పేర్లు, ఒకే నిమిషాల దగ్గర కనబడితే అది మీ టెంప్లేటే.

ఇక ట్యాగులు. డిఫాల్ట్ ట్యాగుల పెట్టెలో సైకిల్, గేర్, చైన్, పంక్చర్, బ్రేక్, టైర్, పెడల్, ఆఖరికి హెల్మెట్ కూడా కుక్కాను. ట్యాగులన్నిటికీ కలిపి హద్దు 500 అక్షరాలు. నా డిఫాల్టే 480 దాకా తినేసింది. దాంతో ఆ వీడియోకి సొంతంగా పెట్టుకోవడానికి ఒక్క ట్యాగ్‌కి కూడా సరిగ్గా చోటు మిగల్లేదు. చైన్ వీడియోకి హెల్మెట్ ట్యాగ్ ఎందుకురా అని నన్నెవరూ అడగలేదు కానీ, అడగాల్సింది.

నిజానికి ట్యాగుల గురించి మనం పడే టెన్షన్ అంతా దండగ. వీడియో దొరకడంలో వాటి పాత్ర చాలా తక్కువని, జనం స్పెల్లింగ్ తప్పుగా కొట్టే మాటలకే అవి పనికొస్తాయని యూట్యూబే రాసింది. మన తెలుగువాళ్లకి ఆ రెండో ముక్క బాగా వర్తిస్తుంది. తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా కొడతాం. అందుకని నా డిఫాల్ట్‌లో ఇప్పుడు ఛానెల్ పేరు తెలుగులో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో జనం కొట్టే రెండు మూడు రకాలు మాత్రమే ఉంచాను. మిగతా చోటంతా ఆ వీడియోది. ఈ ట్యాగులన్నీ తీసుకెళ్లి డిస్క్రిప్షన్ అడుగున గుట్టపోసే అలవాటు కొందరికి ఉంది. అది మాత్రం స్పామ్ నిబంధనలకి విరుద్ధం, వీడియోనే తీసేయొచ్చు. హ్యాష్‌ట్యాగులు వేరే సంగతి. వాటిని నేను డిఫాల్ట్‌లో పెట్టడమే మానేశాను.

ఆ డిస్క్ బ్రేక్ వీడియోకి ఏం చేశానో చెప్తా. పాత డిస్క్రిప్షన్ మొత్తం చెరిపి, మొదటి లైన్లో ఇలా రాశాను: "డిస్క్ బ్రేక్ పట్టినప్పుడు కీచుమంటోందా? రోటర్‌కి నూనె అంటిందా, కాలిపర్ పక్కకి జరిగిందా అని ముందు తేల్చుకుని సరిచేయడం." తర్వాతి లైన్లో "రిమ్ బ్రేక్ ఉన్నవాళ్లకి వేరే వీడియో" అని దాని లింక్ ఇచ్చాను. పనిముట్ల దగ్గర ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన గుడ్డ, 5 ఎంఎం అలెన్ కీ. ట్యాగుల్లో `disc brake sound`, `disk brake sound`, `disc brake kichu sound`. ఇదంతా ఆరేడు నిమిషాల పని. కామెంట్ పెట్టిన తమ్ముడికి జవాబు రాయడానికి పట్టే టైమ్ కంటే కాస్త ఎక్కువ, అంతే.

మిగిలిన 139 సంగతేమిటి? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డిఫాల్ట్ మార్చితే పాత వీడియోలు కూడా మారతాయనుకుంటారు. మారవు. అప్‌లోడ్ చేసిన క్షణంలో ఆ టెంప్లేట్ నకలు వీడియోలోకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత రెండింటికీ సంబంధం తెగిపోతుంది. ఒక పనిముట్ల దుకాణం వాళ్ల తగ్గింపు కోడ్‌ని నేను డిఫాల్ట్‌లో పెట్టి, గడువు అయిపోగానే అక్కణ్ణుంచి తీసేసి చేతులు దులుపుకున్నాను. అది 60 పైచిలుకు పాత వీడియోల్లో నెలల తరబడి అలాగే ఉంది. కోడ్ పనిచేయట్లేదని తిట్లు తిన్నాక గానీ తెలియలేదు. గడువు ఉన్న ఏ మాటా ఇకపై డిఫాల్ట్‌లోకి రాదు. మారే లింకులన్నీ ఒక పేజీలో పెట్టి, డిఫాల్ట్‌లో ఆ పేజీ లింక్ ఒక్కటే ఉంచాను. మార్చాలంటే ఆ పేజీలో ఒక్కచోట మారిస్తే చాలు.

పాతవాటిని దిద్దడానికి `Content` లో వీడియోలు టిక్ పెట్టి, `Edit` నొక్కి, డిస్క్రిప్షన్ ఎంచుకుంటే ఒక ముక్కని వెతికి దాని బదులు ఇంకోటి పెట్టే వీలుంది. ఆ తగ్గింపు కోడ్ లైన్‌ని అలాగే తీసేశాను. నమూనా చాప్టర్లని కూడా అంతే. ముందు రెండే వీడియోల మీద చేసి చూసుకున్నాను, ఎందుకంటే వెనక్కి తీసుకునే బటన్ ఉండదు, పరిణామాలు నాకు అర్థమయ్యాయని టిక్ కూడా పెట్టించుకుంటుంది. నమస్కారం లైన్ కూడా అలాగే పోయింది. కానీ దాని చోట్లో ఆ వీడియోకి చెందిన వాక్యం మాత్రం ఏ బటనూ రాయదు. బాగా చూసే 30 వీడియోలకి చేత్తో రాశాను. మిగతావి అలాగే ఉన్నాయి, ఉండనీ.

ఇంకొక్క మాట. ఈ డిఫాల్టులు కంప్యూటర్ బ్రౌజర్‌లో అప్‌లోడ్ చేసినప్పుడే వస్తాయి, ఫోన్ నుంచి పెడితే రావు. ఆ 140 తర్వాత ఫోన్‌లో పెట్టిన నా రెండు కొత్త వీడియోలకి అసలు డిస్క్రిప్షనే లేదు, `Visibility` కూడా ఎవరూ ఆపలేదు, నేరుగా పబ్లిక్‌లోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు అదే టెంప్లేట్‌ని ఫోన్ నోట్స్‌లో కూడా ఉంచుకుంటున్నాను. "నింపాలి" అనే మాటతో సహా.